గర్భిణి మాత్రల లేబుల్ మీది అంకెలను ఎలా చదవాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గోపాలపట్నంలో ఉంటాము. మా బాబుకు నాలుగేళ్లు. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది, ఆరో వారం నడుస్తోందని చెప్పి డాక్టరుగారు ఫోలిక్ యాసిడ్ 5 ఎం.జి. మాత్ర రోజుకొకటి రాశారు. నీరసంగా ఉంటోందని ఆరు నెలలుగా ఒక మామూలు మల్టీవిటమిన్ క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాను. దాని అట్ట మీద ఫోలిక్ యాసిడ్ 1 ఎం.జి., విటమిన్ ఎ 5000 ఐ.యు. అని ఉంది. అమెరికా నుంచి మా ఆడపడుచు గర్భిణులు తినే విటమిన్ గమ్మీల సీసా పంపింది. దాని మీద ఫోలేట్ 680 ఎం.సి.జి. డి.ఎఫ్.ఇ. అని ఉంది. రక్తం పడుతుందని మా అత్తయ్యగారు వారానికి రెండుసార్లు మేక కార్జం వండిపెడుతున్నారు. వీటిలో దేనిలో ఎక్కువ ఉంది, దేనిలో తక్కువ ఉంది, ఏది ఆపాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, చేయవలసినది ముందు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. మామూలు మల్టీవిటమిన్ క్యాప్సూల్‌ను ఈ రోజుతో ఆపేయండి. డాక్టరుగారు రాసిన మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, కానీ తర్వాతిసారి వెళ్లినప్పుడు 5 ఎం.జి. ఎందుకు రాశారో అడగండి. గమ్మీలను అంతవరకు పక్కన ఉంచండి. కార్జం మాత్రం గర్భం నిలిచి ఉన్నన్నాళ్లూ వద్దని అత్తయ్యగారికి చెప్పండి.

మీ దగ్గరున్న మూడు లేబుళ్లూ ఒకే కొలతలో మాట్లాడడం లేదు కనుక ముందు వాటిని ఒకే కొలతలోకి తేవాలి. ఎం.జి. అంటే మిల్లీగ్రాము, ఎం.సి.జి. అంటే మైక్రోగ్రాము. ఒక మిల్లీగ్రాములో 1000 మైక్రోగ్రాములు ఉంటాయి. ఆ లెక్కన డాక్టరుగారి మాత్రలో 5000, మీ క్యాప్సూల్‌లో 1000 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్నాయి. పైకి చూస్తే 5 చిన్న అంకెగానూ 680 పెద్ద అంకెగానూ కనిపిస్తాయి కాబట్టి, ఆడపడుచు పంపిన సీసాయే బలమైన మందని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. వాస్తవానికి మీ ఇంట్లో ఉన్న మూడింటిలోనూ అన్నిటికంటే తక్కువ ఫోలిక్ యాసిడ్ ఉన్నది ఆ సీసాలోనే.

ఆ 680 వెనక ఇంకో మెలిక కూడా ఉంది. ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ సహజంగా ఉండే ఫోలేట్ కంటే మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ మన ఒంటికి ఎక్కువగా పడుతుంది. అందువల్ల అమెరికా లేబుళ్లలో ఫోలిక్ యాసిడ్‌ను ఆహారంలోని ఫోలేట్‌కు సమానమైన పరిమాణంలోకి మార్చి ముద్రిస్తున్నారు, డి.ఎఫ్.ఇ. అనే అక్షరాలకు అర్థం అదే. ఆ అంకెను 1.7తో భాగిస్తే అసలు ఫోలిక్ యాసిడ్ ఎంతో తెలుస్తుంది. 680ని భాగిస్తే 400 వస్తుంది. సీసా వెనక ఉన్న పట్టికను నిదానంగా చూస్తే 680 పక్కనే కుండలీకరణాల్లో 400 ఎం.సి.జి. ఫోలిక్ యాసిడ్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. మన దేశపు అట్టలతో పోల్చేటప్పుడు ఆ చిన్న అంకెనే తీసుకోవాలి. అదే పట్టికలో అన్నిటికంటే పైన, ఒక మోతాదు అంటే ఎన్ని గమ్మీలో రాసి ఉంటుంది. గమ్మీలలో అది చాలావరకు రెండు, కొన్నిటిలో మూడు. లేబుల్ మీది అంకెలన్నీ ఆ మొత్తం మోతాదుకు సంబంధించినవే కాబట్టి, మోతాదు రెండైన సీసా నుంచి రోజుకు ఒక్కటే తింటే అందేది 200 మాత్రమే.

ఇప్పుడు కూడిక వేద్దాం. ఒకే రోజు మాత్ర, క్యాప్సూల్, రెండు గమ్మీలు తీసుకుంటే 5000, 1000, 400 కలిపి 6400 మైక్రోగ్రాములు అవుతుంది. గర్భం దాల్చబోయే స్త్రీలకూ మొదటి మూడు నెలల గర్భిణులకూ సాధారణంగా చెప్పే మోతాదు రోజుకు 400. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన ప్రభుత్వపు రక్తహీనత నివారణ కార్యక్రమంలో ఉన్నదీ ఆ అంకెయే. దానికి పదహారు రెట్లు మీ చేతిలో ఉందన్నమాట. దీనివల్ల బిడ్డకు ఏదో జరిగిపోతుందని భయపడవద్దు. ఫోలిక్ యాసిడ్ నీటిలో కరిగే విటమిన్, ఒంటికి పట్టని భాగంలో ఎక్కువ మూత్రంలో పోతుంది. పైగా 5 ఎం.జి. మాత్ర మన దేశంలో ఎన్నో ఏళ్లుగా గర్భిణులకు రాస్తున్నదే.

అయితే 5 ఎం.జి. ఎందుకన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. ఫోలిక్ యాసిడ్ లోపిస్తే గర్భస్థ శిశువు వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం సరిగా మూసుకోని ప్రమాదం పెరుగుతుంది. అలాంటి లోపంతో బిడ్డను ఒకసారి కన్న తల్లులకు, తర్వాతి గర్భానికి ముందు నుంచే రోజుకు 4 ఎం.జి. ఇచ్చి చూసిన పెద్ద పరిశోధన ఒకటి బ్రిటన్ ఆధ్వర్యంలో ఏడు దేశాల్లో జరిగింది. ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో దాని ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద మోతాదుకు ఆధారం అక్కడి నుంచి వచ్చింది. కాబట్టి అలాంటి కాన్పు చరిత్ర ఉన్నవారికి, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవారికి, గర్భానికి ముందు నుంచే చక్కెర వ్యాధి ఉన్నవారికి, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధి ఉన్నవారికి డాక్టర్లు పెద్ద మోతాదును కావాలనే రాస్తారు. ఇవేవీ లేనివారికి కూడా 5 ఎం.జి. రాయడానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. మహారాణిపేటలోనో జగదాంబ దగ్గరో ఏ మందుల దుకాణంలో ఫోలిక్ యాసిడ్ అని అడిగినా సాధారణంగా చేతికి వచ్చేది 5 ఎం.జి. అట్టయే. విడిగా 400 మైక్రోగ్రాముల మాత్ర అంత సులభంగా దొరకదు. దొరికేదాన్ని రాయడం అలవాటుగా మారింది. నా ఉద్దేశంలో, మీకు ప్రత్యేక కారణం ఏదీ లేకపోతే తక్కువ మోతాదు సరిపోతుంది, కానీ ఆ కారణం ఉందో లేదో మీ వైద్య చరిత్ర తెలిసిన డాక్టరుగారే చెప్పాలి. తక్కువ మోతాదు చాలని ఆవిడ అంటే, ఆ సీసాలోని రెండు గమ్మీలు సరిగ్గా ఆ 400 ఇస్తాయి కనుక వాటిని అప్పుడు వాడుకోవచ్చునేమో చూపించి అడగండి.

రోజుకు 1000 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ ఫోలిక్ యాసిడ్‌ను కారణం లేకుండా వాడవద్దని చెప్పడం వెనక ఉన్న భయం బిడ్డ గురించి కాదు, బి12 లోపం గురించి. బి12 తక్కువైనప్పుడు కూడా రక్తహీనత వస్తుంది. ఎక్కువ ఫోలిక్ యాసిడ్ ఆ రక్తహీనతను సరిచేసి, రక్తపరీక్షలో అంతా బాగున్నట్లు చూపించగలదు. లోపల నరాలకు జరుగుతున్న నష్టం మాత్రం ఆగదు. అరికాళ్లలో, చేతివేళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లు ఉండడం దాని గుర్తులు. మాంసం, గుడ్లు, పాలు తీసుకునే మీకు ఆ ప్రమాదం తక్కువే. పాలు కూడా సరిగా తాగని శాకాహారులు మాత్రం పెద్ద మోతాదును నెలల తరబడి వాడే ముందు బి12 పరీక్ష గురించి అడగడం మంచిది.

మీరు అడగని విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. శిశువు నాళం మూసుకోవడం గర్భం నిలిచిన 28వ రోజు ప్రాంతానికి పూర్తవుతుంది. ఆఖరు నెలసరి నుంచి లెక్కవేసే మన పద్ధతిలో అది ఆరో వారం, అంటే మీకు ఇప్పుడు నడుస్తున్న వారమే. చాలామంది నెల తప్పిందని తెలుసుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లి, మాత్ర మొదలుపెట్టేసరికి ఆ ఘట్టం దాటిపోతుంది. మీ విషయంలో ఆ ఆరు నెలలూ రోజూ వేసుకున్న మామూలు క్యాప్సూల్‌లోని 1000 మైక్రోగ్రాములే ఆ పని చేసి ఉంటాయి. గర్భిణుల కోసమని పేరు పెట్టి అమ్మే సీసాలో కంటే మన మామూలు మల్టీవిటమిన్‌లో, కొన్ని బి కాంప్లెక్స్ క్యాప్సూళ్లలో కూడా, ఫోలిక్ యాసిడ్ ఎక్కువే ఉండడం అరుదు కాదు. అయినా దాన్ని ఆపమంటున్నది ఎందుకంటే దాని ఇబ్బంది ఇంకో వరుసలో ఉంది.

అది విటమిన్ ఎ వరుస. దీన్ని ఐ.యు. అనే అంతర్జాతీయ యూనిట్లలో ముద్రిస్తారు. రెటినాల్ రూపంలో ఉన్న విటమిన్ ఎ అయితే ఆ అంకెను 0.3తో గుణిస్తే మైక్రోగ్రాములు వస్తాయి. మీ క్యాప్సూల్‌లోని 5000 ఐ.యు. అంటే 1500 మైక్రోగ్రాములు. గర్భిణికి ఆహారం, మాత్రలు అన్నీ కలిపి రోజుకు కావలసినది 800, 900 ప్రాంతంలో ఉంటుంది. దాటకూడని పరిమితి 3000, అంటే 10000 ఐ.యు. ఫోలిక్ యాసిడ్‌కు భిన్నంగా ఇది కొవ్వులో కరిగే విటమిన్. మూత్రంలో పోకుండా కాలేయంలో నిల్వ ఉంటుంది. రోజూ పరిమితిని బాగా మించి తీసుకుంటూ పోతే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, శిశువు ముఖం, గుండె, మెదడు ఏర్పడే తీరు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన మార్కెట్లో ఉన్న మామూలు మల్టీవిటమిన్‌లలో కొన్నిటిలో 5000, కొన్నిటిలో ఏకంగా 10000 ఐ.యు. ఉంటుంది. మొదటిదాన్ని రోజుకు రెండుసార్లు వేసుకున్నా, రెండోదాన్ని ఒక్కసారి వేసుకున్నా పరిమితి అక్కడికక్కడే నిండిపోతుంది, తినే తిండికి చోటే ఉండదు.

కార్జం వద్దన్నది కూడా ఇందుకే. జంతువులు సైతం విటమిన్ ఎ ను కాలేయంలోనే దాచుకుంటాయి. వంద గ్రాముల మేక కార్జం ఒక్కటే ఆ 3000 పరిమితిని దాటించగలదు. అందులో ఇనుము బాగా ఉందన్న అత్తయ్యగారి మాట తప్పు కాదు, గర్భం లేనప్పుడు అది మంచి ఆహారమే. మీరు ఇప్పటివరకు తిన్న కొద్దిసార్లకు కంగారుపడవలసిన అవసరం లేదు, ప్రమాదమంతా ఎడతెరిపి లేకుండా ఎక్కువ తీసుకోవడంలో ఉంది. ఈ సంగతి డాక్టరుగారికి చెబితే శిశువు అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్ సమయంలో ఆవిడ దృష్టిలో ఉంటుంది. మునగాకు, తోటకూర, క్యారెట్‌లలో ఉండేది బీటా కెరోటిన్, దాన్ని శరీరం కావలసినంతవరకే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది కాబట్టి వాటికి ఈ హద్దు వర్తించదు. లేబుల్ మీద కూడా ఇదే తేడాను వెతకాలి. విటమిన్ ఎ పక్కన రెటినాల్ అనో, రెటినైల్ పామిటేట్ అనో, ఎసిటేట్ అనో ఉంటే లెక్కపెట్టవలసిన రకం, బీటా కెరోటిన్ అని ఉంటే నిశ్చింతగా ఉండదగిన రకం. గర్భిణుల కోసం జాగ్రత్తగా తయారుచేసిన మాత్రల్లో విటమిన్ ఎ అసలు ఉండదు, లేదా బీటా కెరోటిన్ రూపంలో ఉంటుంది, లేదా రెటినాల్‌ను తక్కువ మోతాదులో ఉంచుతారు. మీ ఆడపడుచు పంపిన సీసాలో ఇది ఏ రూపంలో ఉందో వెనక పట్టికలో చూడండి.

గర్భిణి మాత్రకూ మామూలు మల్టీవిటమిన్‌కూ కనిపించే రెండో పెద్ద తేడా ఇనుము. మామూలు క్యాప్సూల్‌లో అది ఉండదు, ఉన్నా కొద్దిపాటిగా ఉంటుంది. అమెరికాలో గర్భిణులకు అమ్మే మాత్రల్లో సాధారణంగా 27 ఎం.జి. ఉంటుంది కానీ, అదే పేరుతో అమ్మే గమ్మీలలో చాలావరకు ఇనుమే ఉండదు, ఎందుకంటే దాని తుప్పు రుచిని మిఠాయిలో దాచడం కష్టం. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, వార్డుల్లోని ఆరోగ్య కేంద్రాల్లోనూ నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 ఎం.జి. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. ఇప్పుడే ఇనుము మొదలుపెట్టకపోవడం మరచిపోవడం కాదు, వేవిళ్లున్న ఈ నెలల్లో అది వాంతులను మరింత పెంచుతుంది. ఎర్ర మాత్ర మొదలయ్యాక ఫోలిక్ యాసిడ్ అందులోనే వస్తుంది కనుక, విడిగా వేసుకునే 5 ఎం.జి. మాత్రను కొనసాగించాలా అని పన్నెండో వారం దాటగానే మళ్లీ అడగాలి. ఎవరూ ఆపమని చెప్పక తొమ్మిదో నెల దాకా రెండూ వేసుకునేవారు ఎందరో ఉన్నారు.

ఇనుము వరుసను చదవడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. ఫెర్రస్ ఫ్యూమరేట్ 300 ఎం.జి. అని పెద్ద అంకె కనిపిస్తే అంత ఇనుము ఉందని అనుకోకూడదు, అది లవణం మొత్తం బరువు. అందులో ఇనుము మూడో వంతు, అంటే దాదాపు 100. ఎలిమెంటల్ ఐరన్ అన్న మాట పక్కనున్న అంకెయే పోల్చదగినది. ఎర్ర మాత్ర మొదలుపెట్టాక దాన్ని కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. టీ, కాఫీల విషయంలోనూ అంతే.

మందుల దుకాణంలో చీటీ ఇచ్చినప్పుడు, దీనికంటే మంచిదంటూ ఎల్ మిథైల్ ఫోలేట్ అనే ఖరీదైన మాత్రను ఇవ్వచూపడం ఈ మధ్య ఎక్కువైంది. అది ఫోలేట్‌లో ఒంటికి నేరుగా పనికొచ్చే రూపమన్నది నిజమే. కానీ వెన్నుపాము లోపాలను తగ్గిస్తుందని మనుషుల్లో పరీక్షించి నిరూపించినది మామూలు ఫోలిక్ యాసిడ్‌తోనే. చీటీలో రాసినది మారిస్తే రాసినవారికి ఫోన్ చేసి అడిగిన తర్వాతే తీసుకోండి. అట్ట వెనక ఫోలిక్ యాసిడ్ ఐ.పి. అని ఉంటే అది భారత ఔషధ ప్రమాణాల ప్రకారం మందుగా తయారైనది. వైద్యపరమైన వినియోగానికి కాదు అన్న మాట, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య కనిపిస్తే అది ఆహార అనుబంధంగా అమ్ముతున్నది. రెండోది పనికిరానిదని కాదు, డాక్టరు రాసిన మందుకు బదులుగా దాన్ని తీసుకోకూడదు.

ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడన్నారు కాబట్టి ఇంకొక్క మాట. గమ్మీలు వాడి కంటికి మిఠాయిలే. నాలుగో నెలలో ఇంటికి వచ్చే ఎర్ర మాత్రకు చక్కెర పూత ఉంటుంది, అదీ చాక్లెట్ గోళీలాగే కనిపిస్తుంది, పైగా అందులో ఉన్నది ఇనుము. పదిహేను కిలోల పిల్లవాడికి అయిదు మాత్రలతోనే వాంతులు, విరేచనాలు మొదలుకావచ్చు, పదిహేను దాకా మింగితే ప్రాణానికే ప్రమాదం. వాంతులు కొన్ని గంటల తర్వాత తగ్గి పిల్లవాడు తేరుకున్నట్లు కనిపించి, ఆ తర్వాత ఒక్కసారిగా విషమించడం ఈ విషం లక్షణం. అందుకని మాత్రలను బల్ల మీద కాక తాళం ఉన్న అలమరలో ఉంచండి. ఒక్కటి మింగాడన్న అనుమానం వచ్చినా, వాంతి చేయించే ప్రయత్నాలు మాని, ఖాళీ అట్టను చేత పట్టుకుని వెంటనే కె.జి.హెచ్. అత్యవసర విభాగానికో, దగ్గరలో పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికో తీసుకువెళ్లండి. మాత్రకు ఎంత ఇనుమో, ఎన్ని మాత్రలు తగ్గాయో ఆ అట్టను చూసే డాక్టర్లు లెక్కగడతారు.